ఆదివారం బిడ్డ

కరీంనగర్‌లో ఆదివారం పొద్దున ఎనిమిదైతే, ఎండాకాలం లెక్కన డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. సరిగ్గా ఆ ఘడియకు అక్కడి నుంచి ఇంటికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసే ఆడపిల్లను ఆదివారం బిడ్డ అనొచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వాడకొక ఇంటికైనా ఇలాంటి బిడ్డ ఉంటుంది.

"ఏం దిన్నవ్ బిడ్డా?" అని అమ్మ మొదలుపెడుతుంది. "పచ్చిపులుసు, పప్పు" అంటుంది బిడ్డ. వెనకాల బల్ల మీద పిజ్జా డబ్బా మూత తెరిచే ఉంటుంది. అమ్మ చూస్తుంది గానీ అడగదు. బాపు మాత్రం వీడియో కాల్‌ని కూడా చెవికి ఆనించుకునే మాట్లాడతాడు కాబట్టి బిడ్డకు వారం వారం ఆయన కుడిచెవి దర్శనం. ఆదిలాబాద్ నాయన అయితే చలికాలంలో డాలస్ చలికీ తన ఊరి చలికీ పోటీ పెట్టి, తన ఊరినే గెలిపిస్తాడు.

ఈ బిడ్డకు బతుకమ్మ వస్తే పాట కట్టే పిచ్చి. తంగేడు, గునుగు దొరకని ఊళ్లో దుకాణంలో కొన్న చామంతులు పేర్చి, ఫోన్ ఎదురుగా నిలబెట్టి తన సొంత పాట ఎత్తుకుంటుంది:

"కూరేందని అడుగుతవు ఉయ్యాలో
కుండ వాసనడుగుత నేను ఉయ్యాలో
వాన వడ్డదంటవు ఉయ్యాలో
వాకిలి జూపియ్యవమ్మ ఉయ్యాలో"

అమ్మ గొంతు కలుపుతుంది. అక్కడే వస్తుంది తంటా. గాజుతీగలో వెలుతురు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. రెండు ఊళ్ల నడుమ పద్నాలుగు వేల పైచిలుకు కిలోమీటర్లు. తీగ తిన్నగా పోయినా ఒక్కవైపుకే సెకనులో పద్నాలుగో వంతు పడుతుంది. ఫోన్లూ సర్వర్లూ కలిస్తే ఇంకా ఎక్కువ. మాటలకు ఆ ఆలస్యం తెలియదు, చప్పట్లకు తెలుస్తుంది. అమ్మ చప్పట్లు వెనకపడ్డట్టు వినపడి బిడ్డ ఆగుతుంది, బిడ్డ ఆగిందని అమ్మా ఆగుతుంది. పైగా చప్పుడు తగ్గించే ఏర్పాటు చప్పట్లను గోల అనుకొని మింగేస్తుంది.

"నీ ఫోన్ తాళం దప్పుతున్నదే" అంటుంది అమ్మ. నేరం ఎప్పుడూ అమెరికాదే.

చివరికి మన ఆడవాళ్ల పాత పద్ధతే దారి చూపింది. బిడ్డ ఒక చరణం పాడి ఆగుతుంది, అమ్మ అదే చరణం తిరిగి అంటుంది. ఇద్దరూ ఒకేసారి పాడరు కాబట్టి ఆలస్యం సందులో దాక్కుంటుంది. బతుకమ్మ చుట్టూ వందమంది తిరిగి పాడేందుకు పనికొచ్చిన ఒకరు చెప్తే మిగతావాళ్లు అందుకునే పద్ధతి, సముద్రాల మీదుగానూ పనిచేసింది. ఒకటే షరతు: చప్పట్లు బంద్.

ఇలాంటి బిడ్డ మీ ఇంటా ఉంటే ఒక మాట. నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి పోతాయి. ఆ తర్వాత మార్చి దాకా ఆమె తొమ్మిదిన్నర మీకు తొమ్మిది. ఎనిమిదికే ఫోన్ పట్టుకొని కూర్చొని, బిడ్డ మరిచిందని అలగకండి.