బేరింగుకి బడ్జెట్టుంది, బుర్రకి లేదు

మా ఊళ్ళో బేరింగు పగిలితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అర్ధరాత్రి రెండింటికి ఔటర్ హార్బరు వైపు ఓ కన్వేయరు ఆగిందనుకోండి, ఫోన్‌లో ఒక్క ముక్క చాలు. "చేసీయండి, రేపు చూసుకుందాం" అంటారు పెద్దాయన. క్రేను వస్తుంది, మోటారు దిగుతుంది, ఆటోనగర్లో రీవైండింగు షాపు షట్టరు లేస్తుంది. కొటేషన్లు మూడుండాలన్న రూలు కూడా ఆ రాత్రికి నిద్రపోతుంది. తెల్లారాక టీ తాగుతూ అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకుంటారు. ఆరు గంటల్లో లైను నిలబెట్టేశాం!

ఆ బేరింగు పగలబోతోందని మూడు వారాల ముందే తెలుసుకునే విద్య నేర్చుకుని వస్తానని ఎవడైనా కాగితం పెట్టాడో, అప్పుడు మేలుకుంటాయి రూల్సన్నీ.

గాజువాకలో మా పక్కింటి కుర్రాడు పెట్టాడు. హార్బర్లో కన్వేయర్ల మెయింటెనెన్సు చూసే ఓ కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. ఆ కంపెనీ పేరు నేను రాయను, వాడి ఉద్యోగం వాడికుండాలి. బైలదిల్లా నుంచి కేకే లైను సొరంగాలన్నీ దాటుకుని కొండ దిగిన ఇనుప రాయి, చివరి కిలోమీటరు ప్రయాణించేది ఇలాంటి కన్వేయర్ల మీదే. 1976లో ఔటర్ హార్బరు కట్టిందే ఆ రాయిని పెద్ద ఓడల్లోకి ఎక్కించడానికి. ఇంతా చేసి, ఆ రాయి ఆగేది అరచేతిలో ఇమిడే ఉక్కు బంతి దగ్గర.

వాడడిగింది వైబ్రేషన్ ఎనాలిసిస్ కోర్సు. ఐఎస్‌వో 18436-2 ప్రకారం కేటగిరీ రెండు. చివర్లో మూడు గంటల పరీక్ష, వంద ప్రశ్నలు, నూటికి డెబ్భై వస్తేనే సర్టిఫికెట్టు. బ్యాచి చెన్నైలో. వాడి మొదటి లెటరు నాకు చూపించాడు. నైపుణ్యాభివృద్ధి, సంస్థ పురోభివృద్ధి, ప్రపంచస్థాయి ప్రమాణాలు, ఆపైన ఫీజు 45,000 రూపాయలు. సంతకం.

"ఎలాగుంది బాబాయ్?"

"రిటైర్మెంటు సన్మానపత్రంలాగుందిరా" అన్నాను.

అకౌంట్సాయనకి అది సన్మానపత్రంలా కూడా కనపడలేదు. బ్రోచరు తీసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న లైను మీద ఎర్ర పెన్ను పెట్టాడు: జీఎస్టీ 18 శాతం అదనం. "మరి రైలు చార్జీ? లాడ్జి? భోజనం? అవి మీ మావగారిస్తారా?" ఆయన వెటకారం ఆయనది గానీ, ప్రశ్న న్యాయమైనదే. ఫీజొక్కటే రాసి అనుమతి తెచ్చుకుని, తిరిగొచ్చాక టీఏ బిల్లు పెట్టేవాడు రెండోసారి ఏమడిగినా నమ్మరు.

రెండో లెటర్లో లెక్క సరిచేశాడు. ఫీజు 45,000, రాకపోకలు 3,500, అయిదు రాత్రుల బస 12,500, భోజనాలు 3,000. మొత్తం 64,000. జీఎస్టీ 8,100 ముందు కట్టాలి, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్టుగా వెనక్కొస్తుంది కాబట్టి దాన్ని ఖర్చులో కలపకుండా విడిగా చూపించాడు. ఈ ఒక్క ముక్కకే అకౌంట్సాయన కళ్ళజోడు సవరించుకుని మావాడిని మొదటిసారి మనిషిలా చూశాడట.

ఇక లాభం. ఇక్కడ కుర్రాడు ఓడెక్కాడు. కన్వేయరు ఆరు గంటలాగితే ఓడ ఆరు గంటలు ఆగుతుంది. లేటైము దాటితే డెమరేజి. రోజుకు 16 వేల డాలర్లనుకుంటే పావు రోజుకి నాలుగు వేల డాలర్లు. డాలరు 85 రూపాయలని వేసుకున్నా 3 లక్షల 40 వేలు! 64 వేలు పెట్టి 3 లక్షల 40 వేలు మిగిల్చే మొనగాడు ఇంకెవడుంటాడు?

"ఆ డెమరేజి మనం కడతామేటండీ?" అన్నాడు అకౌంట్సాయన.

కట్టరు. ఓడని అద్దెకి తీసుకున్నవాడు ఓడ యజమానికి కడతాడు. ఆ తర్వాత ఎవరు ఎవరి దగ్గర వసూలు చేసుకుంటారన్నది వాళ్ళ కాంట్రాక్టుల గొడవ. మెయింటెనెన్సు కంపెనీ పుస్తకాల్లో ఆ డాలర్లు కనిపించనే కనిపించవు. ట్రైనింగు లెటర్లు చాలామటుకు చచ్చేది ఇక్కడే. దేశానికి లాభం, ఓడకి లాభం, పరిశ్రమకి లాభం అని రాస్తారు గానీ, సంతకం పెట్టేవాడి పుస్తకంలో ఏ గీత మీద ఎంత తగ్గుతుందో రాయరు.

కుర్రాడు ఓడ దిగి స్టోర్సుకి వెళ్ళాడు. అంతకుముందు ఏడాది ఒకే కన్వేయరు డ్రైవు మోటారు రెండుసార్లు పోయింది. బేరింగు కూలితే రోటరు కిందికి జారి స్టేటరుకి రాసుకుంటుంది, వైండింగు కాలుతుంది. బేరింగుతో పోయేది కాస్తా మోటారు దాకా వస్తుంది. ఒక్కసారికి రీవైండింగు 1,10,000. అద్దె క్రేను 18,000. ఓవర్‌టైము, హడావుడి రవాణా కలిపి 22,000. లైను ఆగినందుకు బిల్లులో కోత 60,000. వెరసి 2,10,000. అదే ముందుగా పసిగట్టి షట్‌డౌను రోజున బేరింగులు మారిస్తే 30,000తో పోతుంది. తేడా 1,80,000. రెండూ ఆపేస్తానని గొప్పలు పోకుండా, రెండింట్లో ఒకటి పట్టుకుంటానని రాశాడు. పట్టుకోలేనివీ రాశాడు: బెల్టు చిరగడం, రాయి ఇరుక్కోవడం, కరెంటు షార్టు. ఇవి వారానికోసారి రీడింగు తీస్తే దొరికేవి కావు.

"రీడింగు తీయడానికి మిషనుందిగా, మళ్ళీ కోర్సెందుకు?" అని వచ్చింది తర్వాతి ప్రశ్న.

ఉంది మరి. ఓ మార్చి నెలాఖర్లో బడ్జెట్టు మురిగిపోతుందని కొన్న వైబ్రేషన్ ఎనలైజరు, థర్మోకోలు పెట్టెతో సహా బీరువాలో భద్రంగా ఉంది. మిషను కేపిటల్ హెడ్డు. ఆస్తి. దానికి నంబరేసి రిజిస్టర్లో రాసుకోవచ్చు, ఆడిట్లో వేలు పెట్టి చూపించొచ్చు. శిక్షణేమో రెవెన్యూ ఖర్చు. మనిషి బుర్రకి ఆస్తి నంబరు స్టిక్కరు అంటించే సదుపాయం ఇంకా రాలేదు.

అదేదో మూలుగుతోందనుకుంటే పొరపాటే, వాడుతున్నారు కూడా. మోటారుకి ఆనించి మొత్తం కంపనం ఎంతో చూసి, సెకనుకు 4.5 మిల్లీమీటర్ల లోపుంటే "ఓకే" అని రాసేస్తారు. తంటా అంతా అక్కడే. బేరింగు లోపలి గాయం చిన్నగా ఉన్నప్పుడు ఆ మొత్తం అంకె పెద్దగా కదలదు. అంకె పెరిగే సరికి వారాలు కాదు, రోజులే మిగులుతాయి. ముందే పట్టాలంటే అదే మిషన్లో స్పెక్ట్రమ్ తెరిచి చూడాలి. మోటారు నిమిషానికి 1480 చుట్లు, అంటే సెకనుకు 24.7. బేరింగులో ఎనిమిది బంతులున్నాయి. బయటి రింగు మీద గాటు పడితే బంతులు దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొడతాయో నోటిలెక్కన చెప్పొచ్చు: బంతుల సంఖ్యని చుట్లతో హెచ్చవేసి, అందులో పదికి నాలుగు వంతులు. దాదాపు 79. తిరిగే వేగానికి సరిగ్గా మూడు రెట్లు కాదు, నాలుగు రెట్లూ కాదు, 3.2 దగ్గర గీత లేచిందంటే అది అలైన్‌మెంటు తప్పు కాదు, బ్యాలెన్సు తప్పూ కాదు, బేరింగే. ఆ గీతని గుర్తుపట్టడానికే కోర్సు.

కుర్రాడు ఇదంతా ఒక పేరాలో రాసి, పాత మోటారు బేరింగు రింగుని పేపర్లో చుట్టి అకౌంట్సాయన బల్ల మీద పెట్టాడు. లోపలి పక్క వేలితో తడిమితే చిన్న గుంట తగులుతుంది. ఆయన తడిమి, "దీనికా 2 లక్షల 10 వేలు?" అన్నాడట. ఏ లెటరూ చేయని పని ఆ గుంట చేసింది.

ఇక మిగిలింది విద్యాదానం. "తిరిగొచ్చాక నేర్చుకున్నది అందరితో పంచుకుంటాను" అని ప్రతివాడూ రాస్తాడు. ఆ పంపకం ఎలా జరుగుతుందో తెలిసిందే కదా. కాన్ఫరెన్సు హాల్లో బేనరు, గంటసేపు స్లైడ్లు, సమోసా, గ్రూపు ఫొటో. వచ్చేవాళ్ళు జనరల్ షిఫ్టు వాళ్ళు. బేరింగులు పోయే సి షిఫ్టు వాళ్ళు ఆ వేళకి ఇళ్ళలో నిద్రపోతుంటారు. పెద్ద మేనేజరు ఇంకో ఉపాయం చెప్పాడు: "ఆ పుస్తకం జెరాక్సు తీయించి అందరికీ పంచీండి." పుస్తకం కాపీరైటు కోర్సు పెట్టినవాళ్ళదండీ, పంచాల్సింది మన నోట్సు అంటే ఆయనకి అది పిసినారితనంలా తోచింది.

కుర్రాడు రాసిచ్చిన హామీ వేరు. ఒక్కో డ్రైవుకి ఒక కాగితం: మోటారు వేగం, బేరింగు నంబరు, గీత ఎక్కడ లేవాలి. దాన్ని మోటారు పక్కనే ప్లాస్టిక్కు కవర్లో తగిలించడం. మూడు షిఫ్టుల్లోనూ మిషను దగ్గరే నేర్పడం. ప్రతి సోమవారం అదే చోట, అదే దిక్కున, బెల్టు మీద లోడున్నప్పుడే రీడింగు. చోటు మారితే పోయిన వారం అంకెతో ఈ వారం అంకెని పోల్చి లాభం లేదు. మూడు నెలలయ్యాక తను సెలవు పెడతాడు, ఆ వారం రీడింగు వేరేవాళ్ళు తీసి, ఏది బాగుందో ఏది లేదో వాళ్ళే రాయాలి. రాయలేకపోతే పంపకం జరగనట్టే.

ఇందులో సీనియర్ ఫిట్టరుకీ ఒక వాటా పెట్టాడు. ఆయన స్క్రూడ్రైవరు మొన బేరింగు హౌసింగుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. "ఇది మూడు రోజులుంటాదో ఉండదో" అంటాడు. చాలాసార్లు ఉండదు. చెవి మూడు రోజుల ముందు చెప్పేది గీత మూడు వారాల ముందు చెప్తుంది. తేడా అంతే. కాకపోతే, ఆయన్ని కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం కంటే, ఆయన చెవికి అందినప్పుడు స్పెక్ట్రమ్ ఎలా ఉందో పక్కన రాసుకోవడం తెలివైన పని. ఆయనకి ఏ కోర్సుకీ ఎవరూ 64 వేలు ఇవ్వలేదు, అది వేరే కాలమ్.

ఫైలు నడుస్తుండగానే, 2025 జనవరిలో ఢిల్లీలో మన స్టీలు ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఊరంతా అదే మాట. కుర్రాడు నన్నడిగాడు: "బాబాయ్, అన్ని కోట్ల ఫైలు కదిలింది, నా ఫైలు రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి కదల్లేదేటి?" పిచ్చోడా, కోట్ల ఫైలుకి క్యాబినెట్టు చాలు. 64 వేలకి మేనేజరు, హెచ్చార్, అకౌంట్సు, మళ్ళీ మేనేజరు కావాలి.

హెచ్చార్ వాళ్ళు రెండేళ్ళ బాండు అడిగారు. కుర్రాడు ఒక ఏడాదికి ఒప్పుకున్నాడు, నెల నెలా బాకీ తరిగేలా. ఆరు నెలలకి వెళ్ళిపోతే 32,000 కడతాడు. అది సబబుగానే ఉంది.

ఈ మధ్యలో మార్చి వచ్చింది. శిక్షణ పద్దులో మిగిలిన డబ్బు మురిగిపోకుండా ఆఫీసు స్టాఫంతా రుషికొండ రిసార్టులో 'ఒత్తిడిని జయించడం ఎలా' అనే ఒకరోజు కార్యక్రమానికి వెళ్ళొచ్చారు. అది ఒక్క పూటలో శాంక్షనైంది. లాభమెంతో ఎవరూ అడగలేదు. పంచుకుంటామనీ ఎవరూ రాయలేదు, అక్కడ పంచుకున్నది రొయ్యల వేపుడే.

కుర్రాడి ఫైలు ఏప్రిల్లో దిగింది. మంజూరు. కింద అకౌంట్సాయన చేతిరాతతో ఒక షరతు: 'కోర్సు విజయవంతంగా పూర్తి చేసిన సర్టిఫికెట్టు సమర్పించిన పిమ్మట, ఫీజు నిమిత్తం అడ్వాన్సు విడుదల చేయబడును.'