కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, పాత రిజిస్టర్ దాచిపెట్టండి

కౌంటర్‌లో కూర్చునే వాళ్ళందరికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట మన లాడ్జిలో గది ఇవ్వాలంటే కంప్యూటర్‌లో ఎక్కించే ఇవ్వాలి. సేట్ గారు ఏడాది డబ్బు ముందే కట్టేశారు కాబట్టి ఇది బాగుందా, బాగాలేదా అన్న చర్చ అయిపోయింది. ఎలా వాడాలో మాత్రమే ఈ కాగితంలో ఉంది.

గది ఇచ్చే పద్ధతి చాలా సులువు. `New Check-in` నొక్కండి, ఫోన్ నంబర్, పేరు, గుర్తింపు కార్డు ఎక్కించండి, ఫొటో తీయండి, గది నంబర్, అడ్వాన్స్ వేసి `Save` కొట్టండి. రెండు నిమిషాల పని అని డెమోకి వచ్చిన అబ్బాయి చేసి చూపించాడు. అతను చూపించినప్పుడు కౌంటర్ ముందు ఎవరూ లేరు. మీ ముందు తెల్లారుజామున ఇమ్లీబన్ బస్టాండ్‌లో దిగి మూటలతో నడిచొచ్చిన ఐదుగురు ఉంటారు. ఇద్దరు గంజ్‌లో సరుకు కొనేందుకు వచ్చిన కిరాణా వాళ్ళు, ముగ్గురు ఉస్మానియా ఆసుపత్రిలో ఉన్న మనిషి తాలూకు వాళ్ళు. వాళ్ళకు రెండు నిమిషాల లెక్క చెప్పకండి. ఫొటో కెమెరా ప్రస్తుతం ఫ్యాన్ వైపు చూస్తోంది. పోయిన వారం దిగిన వాళ్ళందరి ఫొటోలూ ఫ్యాన్ రెక్కలే. దాన్ని కిందికి వంచండి.

ఇక పేరు. మన పుస్తకంలో పేరు ఒకే గడి. ఇందులో `First Name`, `Last Name` అని రెండున్నాయి, రెండోది నింపకపోతే ముందుకు పోదు. మనవాళ్ళకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఆధార్‌లో కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఒక్క అక్షరం ఉంటుంది, కొందరికి అది చివరికి పోయి ఉంటుంది. అందుకే మీరందరూ కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు: రెండో గడిలో చుక్క పెట్టడం. ఇప్పుడు మన లాడ్జిలో దిగిన వాళ్ళలో సగం మంది ఇంటిపేరు చుక్క. వీళ్ళంతా ఒకే కుటుంబమని సాఫ్ట్‌వేర్ అనుకుంటోంది. రెగ్యులర్‌గా వచ్చే శ్రీనివాస్ గారిని వెతికితే పదిమంది చుక్క శ్రీనివాస్‌లు వస్తారు, మహ్మద్ అని వెతికితే లిస్టు ఆగదు. ఇకమీదట కార్డు మీద ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే ఎక్కించండి, వెతికేటప్పుడు పేరుతో కాదు, ఫోన్ నంబర్‌తో వెతకండి.

ఆధార్ దగ్గర `Invalid ID` అని ఎర్రగా వస్తే కస్టమర్‌ను దొంగను చూసినట్టు చూడకండి. తప్పు తొంభై పాళ్ళు మన వేలిదే. ఆధార్‌లోని 12 అంకెల్లో చివరిది మిగతా 11 అంకెల లెక్క కట్టి పెట్టిన కాపలా అంకె. 1969లో వెర్హోఫ్ అనే డచ్ గణితవేత్త చెప్పిన పద్ధతి ఇది. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయినా పట్టేస్తుంది. అందుకని మళ్ళీ నిదానంగా చదువుతూ కొట్టండి. కానీ ఈ కాపలా అంకె నంబర్ సరిగా ఉందా అనే చూస్తుంది, మనిషి సరైనవాడా అని చూడదు. అది తెలియాలంటే కార్డు మీది క్యూఆర్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేసి, వచ్చిన ఫొటోనూ ఎదుటి మొహాన్నీ పక్కపక్కన చూడాలి.

కొందరు తెలివిగలవాళ్ళు మొదటి 8 అంకెలు దాచిన ఆధార్ తెస్తారు. చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. అది సక్రమమైన కార్డే. కానీ మన సాఫ్ట్‌వేర్‌కు 12 కావాలి. నైట్ షిఫ్ట్‌లో ఒక తమ్ముడు దీనికీ మందు కనిపెట్టాడు. ముందు ఏవో 8 అంకెలు వేసి, వాటిలో ఒకదాన్ని మార్చుకుంటూ పోయాడు. ఒకచోట అంకెను సున్నా నుంచి తొమ్మిది దాకా మారిస్తే ఒక్కటి తప్పకుండా లెక్కకు కుదురుతుంది. కుదిరింది, ఎర్రరంగు పోయింది, గది ఇచ్చేశాడు. ఇప్పుడు మన రికార్డులో ఉన్న ఆ నంబర్ ఎవరిదో, ఆయన ఏ ఊళ్ళో నిద్రపోతున్నాడో మనకు తెలియదు. గణితంలో ఇంత ప్రతిభ ఉన్న తమ్ముణ్ణి మెచ్చుకుంటూనే మనవి: అలాంటప్పుడు ఓటరు కార్డు గానీ లైసెన్స్ గానీ అడగండి.

అసలు కథ `Night Audit` అనే బటన్‌ది. గడియారంలో పన్నెండు కొడితే మనకు తేదీ మారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఆ బటన్ నొక్కితేనే మారుతుంది. నొక్కేదాకా నిన్ననే ఉంటుంది. పైగా అది పెద్ద హోటళ్ళ కోసం తయారైంది కాబట్టి దానికి రోజంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు. మన దగ్గర రోజంటే మూట దించిన గంట నుంచి 24 గంటలు.

మొదటి వారం ఏమైందో చూడండి. మంగళవారం రాత్రి 11:40కి దిగిన పెద్దాయన బుధవారం రాత్రి 10 గంటలకు ఖాళీ చేశాడు. మన లెక్కలో ఒకరోజు, అద్దె 900. సాఫ్ట్‌వేర్ 1800 అంది, ఎందుకంటే మధ్యలో మధ్యాహ్నం పన్నెండు దాటిపోయింది. బుధవారం తెల్లారుజామున 4:30కి వచ్చినాయన సంగతి ఇంకా బాగుంటుంది. అప్పటికి బటన్ నొక్కి ఉంటే ఆయన బుధవారం మనిషి, ఒక అద్దెకు గురువారం మధ్యాహ్నం దాకా ముప్పై ఒకటిన్నర గంటలు పడుకోవచ్చు. నొక్కకపోతే ఆయన మంగళవారం మనిషి, ఏడున్నర గంటలకే రోజు అయిపోతుంది. అంటే ఆయన అదృష్టం మన నైట్ షిఫ్ట్ కునుకు మీద ఆధారపడి ఉంది.

శుక్రవారం రాత్రి బటన్ నొక్కితే తెర మీద ఏమీ కదల్లేదట, అందుకని ఇంకోసారి నొక్కారు. రెండూ పనిచేశాయి. ఉస్మాన్‌గంజ్ మొత్తం శనివారంలో ఉంటే మన లాడ్జి ఒక్కటే ఆదివారంలోకి వెళ్ళిపోయింది. ఉన్న ప్రతి గదికీ రెండు అద్దెలు పడ్డాయి. వెనక్కి తెచ్చే బటన్ మనకివ్వలేదు.

ఇప్పుడు `Settings`లో 24 గంటల లెక్క పెట్టించాం కాబట్టి అద్దె గొడవ తగ్గింది. తేదీని మాత్రం ఇప్పటికీ బటనే మారుస్తుంది. అందుకని రాత్రి పన్నెండు దాటాక ఒక్కసారి నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పై మూలలో తేదీ మారేదాకా చూడండి. గది ఇచ్చే ముందు కూడా ఆ మూల చూడండి. అక్కడ నిన్నటి తేదీ కనిపిస్తే ముందు `Save` కొట్టకండి.

సమస్య వస్తే ఎవరిని అడగాలి? కంపెనీ హెల్ప్‌లైన్ పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా. మన సమస్యలు రాత్రి పన్నెండు నుంచి అయిదు దాకా. ఫోన్ చేస్తే టికెట్ నంబర్ ఇస్తారు, జాగ్రత్తగా రాసిపెట్టుకోండి, తర్వాత ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో పెడితే సేట్ గారు నమస్కారం బొమ్మ పెడతారు. నిజంగా పని కావాలంటే మూడో అంతస్తులో ఉండే మన పాత గుమాస్తా మామను లేపండి. ఆయనకు కంప్యూటర్ రాదు. కానీ ఏ గదిలో ఎవరు, ఎప్పుడు దిగారు, ఎంతిచ్చారు అన్నది పుస్తకంలో రాసిపెట్టుకుంటున్నాడు. శనివారం బిల్లులన్నీ సరిచేసింది ఆ పుస్తకం చూసే.

ఆ పుస్తకం కీబోర్డు కింద ఉంటుంది. సేట్ గారు వస్తే టీ ట్రే దాని మీద పెట్టండి. ఈ మెమో చదివినట్టు అందరూ దాని చివరి పేజీలో సంతకం చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో సంతకానికి గడి లేదు.