నాలుగు వాక్యాల్లో విముక్తి

ఇద్దరు కలిసి పెట్టిన కంపెనీలోంచి బయటికి వెళ్లడానికి సీఏను, వకీలును కలవడం డబ్బు దండగ. వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగేలోపు ఫోన్‌లో టైపు చేయగలిగినంత ఉత్తరం చాలు. హోదా, షేర్లు, మేధోసంపత్తి, బయటి జనానికి చెప్పే మాట అని నాలుగు సంగతులున్నాయి కాబట్టి నాలుగు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

నమూనాకు ఒక కంపెనీని ఊహించుకుందాం. తాండూరు అన్న మార్కెట్ యార్డులో కందులు కొని, మిల్లులో పప్పు పట్టించి, పాకెట్లు కట్టిస్తాడు. వికారాబాద్ తమ్ముడు యాప్ రాసి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల నుంచి ఆర్డర్లు తెస్తాడు. అన్నదమ్ములని పిలుచుకోవడమే గాని చుట్టరికం లేదు, కాలేజీలో సీనియర్, జూనియర్. ఈ ముక్క పన్ను దగ్గర అక్కరకొస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, పది రూపాయల షేర్లు 10,000, చెరి సగం. డైరెక్టర్లూ ఈ ఇద్దరే, వాటాదార్లూ ఈ ఇద్దరే. తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం దొరికింది. రాత్రి పదకొండున్నరకు వాట్సాప్‌లో ఇలా పంపాడు:

“అన్నా, ఇగ నేను కంపెనీల లేను. నా షేర్లు ఇడిసిపెట్టిన. చేసిందంతా నీకే ఇచ్చిన. ఎవరన్న అడిగితే మంచిగనే పోయిండని చెప్పు.”

ఇంతకన్నా చక్కటి ఉత్తరం నేను చూడలేదు. ఒక్కో వాక్యం ఎందుకంత గొప్పదో చెబుతాను.

మొదటి వాక్యంలో తేదీ లేదు, ఏ హోదా వదిలాడో లేదు. డైరెక్టర్ రాజీనామా కంపెనీకి అందిన రోజున గాని, ఉత్తరంలో రాసిన రోజున గాని, రెండింటిలో ఏది వెనకైతే ఆ రోజున అమల్లోకి వస్తుందని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. అందుకే చాదస్తులు ఉత్తరం కంపెనీ పేరిట రాసి, తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకుంటారు. డైరెక్టర్, బ్యాంకు ఖాతాలో సంతకందారు, జీఎస్టీలో అధీకృత వ్యక్తి అంటూ వదులుతున్న పదవులన్నీ విడివిడిగా రాస్తారు. మనవాడి మెసేజ్ అన్నకు చేరింది. కంపెనీకి చేరిందా లేదా అని వాదించుకోవడానికి ఎంతో కాలం మిగిలింది. కంపెనీ 30 రోజుల్లో డీఐఆర్-12 వేయకపోతే రిజిస్ట్రార్ రికార్డులో అతనే డైరెక్టర్‌గా కొనసాగుతాడు. వెళ్లినవాడు తానే డీఐఆర్-11 వేసుకునే దారి ఉంది గాని, దానికి రాజీనామా కాగితం జతచేయాలి. వాట్సాప్ స్క్రీన్‌షాట్ తప్ప చేతిలో ఏముంది?

అసలు రుచి ఇక్కడినుంచి మొదలవుతుంది. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లుండాలి, బోర్డు సమావేశానికి కనీసం ఇద్దరు హాజరు కావాలి. తమ్ముడు ముందే తప్పుకుంటే అన్న ఒక్కడే మిగులుతాడు. కోరం కన్నా తక్కువమంది మిగిలినప్పుడు ఆ మిగిలినవాళ్లు రెండే పనులు చేయగలరు: కోరం నిండేలా కొత్త డైరెక్టర్‌ను చేర్చుకోవడం, లేదా వాటాదార్ల సమావేశం పిలవడం. షేర్ల బదిలీని ఆమోదించడం ఆ రెండింట్లో లేదు. పోనీ వాటాదార్ల సమావేశం పిలుద్దామంటే, ప్రైవేట్ కంపెనీలో అందుకూ ఇద్దరు సభ్యులు స్వయంగా రావాలి. ఆ రెండో సభ్యుడు బెంగళూరులో ఉన్నాడు, అలిగి ఫోన్ ఎత్తడం లేదు.

సీఏ గారైతే వరస తిరగేస్తారు. తమ్ముడు ఇంకా డైరెక్టర్‌గా ఉండగానే బోర్డు సమావేశం పెట్టిస్తారు. అన్న భార్యనో, తల్లినో కొత్త డైరెక్టర్‌గా తీసుకుంటారు. ఆమె సమ్మతి పత్రం, డైరెక్టర్ గుర్తింపు సంఖ్య ముందే సిద్ధం చేయిస్తారు. అదే సమావేశంలో షేర్ల బదిలీ ఆమోదించి, ఆఖరి అంశంగా రాజీనామాను నమోదు చేస్తారు. ఒక పూట పని. దీన్ని ఏడాది పనిగా మార్చాలంటే మన పద్ధతిలో ముందు రాజీనామా చేయాలి, తర్వాత ఆలోచించాలి.

రెండో వాక్యం, “షేర్లు ఇడిసిపెట్టిన”. వినడానికి ఎంత త్యాగం! చట్టం దృష్టిలో మాత్రం ఏమీ జరగలేదు. షేరు గాల్లోకి వదిలేస్తే పోయేది కాదు, ఎవరో ఒకరి పేరున ఉండాలి. కంపెనీ తన షేర్లు తానే కొని దాచుకోలేదు, బైబ్యాక్ చేసి రద్దుపరచాలంటే దానికి వేరే హద్దులు, షరతులు ఉన్నాయి. కాబట్టి ఎస్‌హెచ్-4 అనే బదిలీ పత్రం నింపి, స్టాంపు వేసి, సంతకాలైన 60 రోజుల్లో షేర్ సర్టిఫికెట్‌తో కలిపి కంపెనీకి ఇవ్వాలి. అప్పటిదాకా సగం కంపెనీ త్యాగమూర్తిదే. రేపు పెట్టుబడి పెట్టేవాడు వచ్చినా తమ్ముడి సంతకం కావాల్సిందే.

అమ్మేటప్పుడు ఇంకో రెండు మెలకువలు. ఒకటి, 5,000 షేర్లూ అన్నకే రాసేయండి. అప్పుడు కంపెనీలో ఒకే సభ్యుడు మిగులుతాడు. ఆ సంగతి తెలిసీ ఆరునెలలు దాటి వ్యాపారం నడిపితే, ఆ పైన చేసిన అప్పులకు అతని సొంత ఆస్తి పూచీ అవుతుంది. పిరికివాళ్లు 4,999 అన్నకు, ఒక్కటి అతని తల్లికి రాసి ఈ అనుభవాన్ని పోగొట్టుకుంటారు. రెండోది ధర. స్నేహంలో లెక్కలేమిటని, పెట్టిన పది రూపాయలకే ఇచ్చేయండి. పన్ను నిబంధనల లెక్కలో షేరు విలువ 60 తేలిందనుకోండి. మూడు లక్షల సొత్తు యాభై వేలకు చేతులు మారినట్టు. తేడా యాభై వేలు దాటింది, ఇద్దరూ చట్టం చెప్పే బంధువులు కారు. కాబట్టి రెండున్నర లక్షలు అన్న ఆదాయంలో కలుస్తాయి. తమ్ముడి లాభాన్ని కూడా మూడు లక్షలు ముట్టినట్టే లెక్కగడతారు. రాని డబ్బుకు ఒకరు, చేజిక్కని నగదుకు ఒకరు పన్ను కడతారు. మూడు లక్షలకే అమ్మి ఉంటే స్టాంపు ఖర్చు 0.015 శాతం చొప్పున 45 రూపాయలు. ఆ 45లో కొంత మిగిల్చుకున్నాం కదా.

రాతకోతల మోజుకు ఒక హెచ్చరిక: 1976 ఏప్రిల్ 1న ఆపిల్ భాగస్వామ్యంలో పదోవంతు వాటాతో చేరిన రోనాల్డ్ వేన్ పన్నెండు రోజులకే కాగితం మీద తప్పుకున్నాడు. సంస్థ అప్పులు తన మెడకు చుట్టుకుంటాయని ఆయన భయం. వాటాకు 800 డాలర్లు, తర్వాత ఇక ఏ హక్కూ అడగనని ఒప్పుకున్నందుకు 1,500 డాలర్లు ముట్టాయి. ఆయన పోగొట్టుకున్న కోట్ల గురించి లోకమంతా చెప్పుకుంటుంది. ఆ కాగితంతో ఆయనకు తెగిపోయిన బాకీల గురించి, వివాదాల గురించి ఎవరూ చెప్పుకోరు. అందుకే కాగితం వద్దంటున్నాను.

మూడో వాక్యం నాకు ప్రాణం. “చేసిందంతా నీకే ఇచ్చిన.” ఇందులో ప్రతి మాటా ఒక కేసు. ‘నీకే’ అంటే అన్నకు. యాప్ నడుపుతున్నది కంపెనీ కదా, దానికేం ఇచ్చినట్టు? ఉద్యోగి పనిలో భాగంగా రాసిన కోడ్ మీద మొదటి హక్కు యజమానిది. మన తమ్ముడు ఉద్యోగ ఒప్పందం లేని డైరెక్టర్, పైగా సగం కోడ్ కంపెనీ పుట్టకముందే హాస్టల్ గదిలో రాశాడు. కాబట్టి కోడ్ తనదేనని అతను గట్టిగానే వాదించగలడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీకి రాతపూర్వక సంతకం కావాలి, ఇస్తున్న కృతి ఏదో పేరుపెట్టి చెప్పాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు. పుచ్చుకున్నవారు ఏడాదిలోగా వాడని హక్కు, పత్రంలో వేరుగా రాసుకోకపోతే, వెనక్కి పోతుంది. అంటే కాలం, ప్రాంతం రాయకుండా సంతకం పెట్టినవాడికి ఐదేళ్ల తర్వాత కోడ్ తిరిగొస్తుంది. అప్పటికి అన్న దుబాయ్‌కి పప్పు పంపుతూ ఉంటే మరీ మంచిది.

ఇక ‘అంతా’ అంటే ఏమిటో జాబితా రాయకండి. లోగో గీసినవాడు డబ్బు తీసుకున్న బయటి డిజైనర్. అతను హక్కు రాసివ్వకపోతే అది తమ్ముడిది కాదు, ఇవ్వడానికి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు తమ్ముడి సొంత పేరున ఉంది. డొమైన్ అతని మెయిల్‌లో, ప్లే స్టోర్ ఖాతా అతని కార్డుతో, యాప్ సైనింగ్ కీ పాత లాప్‌టాప్‌లో, జీఎస్టీ ఓటీపీ అతని ఫోన్‌కు. వీటిని ఒక్కొక్కటిగా కంపెనీ పేరుకు మార్చి, మారాకే రాజీనామా అమలవుతుందని ఉత్తరంలో రాసే మనుషులూ ఉన్నారు. వాళ్లకు నెలనెలా ఇరవయ్యో తారీకున “తమ్మీ, ఓటీపీ జెర చెప్పరాదు” అనే పలకరింపు దక్కదు.

జాబితా రాయక తప్పదంటే ‘తాండూరు కందిపప్పు’ అనే పేరును మొదటి ఆస్తిగా రాయండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది అక్కడి పండించేవారి ఉమ్మడి పేరు. అలాంటి పేరు మీది హక్కును అమ్మడం, బదలాయించడం, లైసెన్సుకివ్వడం, తాకట్టు పెట్టడం కుదరదని ఆ చట్టమే చెబుతుంది. మీకు లేని హక్కును ఎవరికో రాసిచ్చిన ఘనత మీకు దక్కుతుంది. బదులుగా అన్న కూడా “జీవితాంతం కందుల వ్యాపారం చేయను” అని రాయించుకోవాలి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు ఆ షరతు నిలవదు. కస్టమర్ల జాబితా, మిల్లు రేట్లు బయటపెట్టననే షరతు నిలుస్తుంది కాబట్టి దాన్ని మాత్రం మరిచిపోవాలి.

నాలుగో వాక్యం, “మంచిగనే పోయిండని చెప్పు”. ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో లేదు. ఉత్తరానికి మూడు వాక్యాల ప్రకటనను జతచేసి, ఇద్దరూ సంతకం పెట్టి, సరుకు అరువిచ్చిన వ్యాపారులకు ముందు, జనానికి తర్వాత అదే మాట చెప్పడం సీఏ గారి పద్ధతి. మన పద్ధతిలో తమ్ముడు “కొందరి నిజస్వరూపం తెలిసింది” అని స్టేటస్ పెడతాడు. తెల్లారేసరికి యార్డులో పైసలు ఎత్తుకపోయిండనే మాట తిరుగుతుంది. ఆ వారమే అడ్తిదారు అరువు ఆపేస్తాడు.

మీది కంపెనీ కాక భాగస్వామ్య సంస్థ అయితే మరీ హాయి. ఇద్దరిలో ఒకరు పోతే సంస్థే రద్దవుతుంది. రిజిస్ట్రార్‌కు, గెజెట్‌లో, స్థానిక భాషా పత్రికలో నోటీసు ఇచ్చేదాకా, మీరు భాగస్వామి అని తెలిసిన బయటివారికి రెండోవాడు చేసే బాకీల్లో మీరూ బాధ్యులే. పత్రిక ప్రకటన ఖర్చు మిగులుతుంది.

ఇక బ్యాంకు. మిల్లు యంత్రానికి తీసుకున్న అప్పుకు ఇద్దరూ వ్యక్తిగత హామీ సంతకం పెట్టారు. రాజీనామాతో ఆ హామీ పోదు, షేర్లు అమ్మినా పోదు. మరో హామీదారును చూపించి, బ్యాంకు విడుదల పత్రం ఇచ్చేదాకా తప్పుకునే తేదీని ఆపుకోవాలి. ఇంత చిన్న పనికి బెంగళూరు ప్రయాణం వాయిదా వేసుకుంటారా? వెళ్లిపోండి. కంతులు ఆగిన నాడు మేనేజర్ గారే మీ కొత్త ఆఫీసు నంబరు కనుక్కుంటారు.