డిలీట్ చేశాన్లే... ఒట్టు!

ఇరవై నాలుగు గంటలు. స్టేటస్‌కు కంపెనీలు రాసిన ఆయుర్దాయం అంతే. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలు తెచ్చినా, 2017 ఫిబ్రవరిలో వాట్సాప్ అదే అచ్చులో స్టేటస్ పోసినా జనానికి చెప్పింది ఒకటే. ఒక రోజు ఉంటుంది, తర్వాత పోతుంది. ఎక్కడికి పోతుందండీ? పెద్దనాన్న ఫోన్‌లోకి పోతుంది!

ఒక అమ్మాయి అనుకుందాం. పీడించే ఉద్యోగానికి శనివారం సాయంత్రం రాజీనామా పడేసింది. రాత్రి స్నేహితురాళ్ల మధ్య బిర్యానీ ముందు రెండు స్టెప్పులేసింది. 22 సెకన్ల వీడియో. స్టేటస్ పెట్టే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, చుట్టాల పేర్లన్నీ ఓపిగ్గా ఏరి పక్కన పెట్టింది. ఒక్క పిన్ని కొడుకుని మాత్రం ఉంచింది. మనవాడే కదా అని.

ఆ మనవాడు ఏం చేశాడు? స్క్రీన్ రికార్డింగ్ నొక్కాడు. ముందూ వెనకా కత్తిరించి ఇంకో కాపీ చేశాడు. రాత్రి పదింటికి 34 మంది ఉన్న కుటుంబ గ్రూపులో పడేశాడు. కింద మూడు నవ్వు బొమ్మలు. ఆదివారం పొద్దున్నే పెద్దనాన్న ఫోన్. "ఏమ్మా, ఉద్యోగం మానేశావంట? డాన్సులు కూడా వేస్తున్నావంట?"

అమ్మాయి ఆ తమ్ముడికి ఫోన్ చేసింది. తీసెయ్‌రా అంది. రెండే నిమిషాలు. "డిలీట్ చేశానక్కా, ఒట్టు!"

నిజమే, చేశాడు. ఎలా చేశాడో చూడండి.

గ్రూపులో ఆ వీడియో మీద వేలు పెట్టి నొక్కాడు. రెండు దారులు కనిపించాయి. Delete for everyone అని ఒకటి, Delete for me అని ఇంకొకటి. కంగారులో రెండోది నొక్కాడు. అంటే ఏమైంది? 34 మందిలో ఒక్కడి ఫోన్‌లో పోయింది. ఎవరి ఫోన్‌లో? పంపినవాడి ఫోన్‌లో! మిగతా 33 మంది దగ్గర చెక్కుచెదరలేదు. పొరపాటు దిద్దుకోవడానికి వాట్సాప్ కొన్ని సెకన్లు ఇస్తుంది. ఆ సెకన్లలో మనవాడు అక్కకు ఒట్టు వేస్తున్నాడు.

అందరి దగ్గరా తీసేసే గడువు పంపిన దగ్గర్నుంచి రెండు రోజుల పైచిలుకు ఉంటుంది. శనివారం రాత్రి పంపిందాన్ని ఆదివారమంతా నిక్షేపంగా వెనక్కి లాగొచ్చు. కానీ లాగాలంటే ఆ మెసేజ్ లాగేవాడి ఫోన్‌లో ఉండాలి కదా? తాళం వేసి, తాళంచెవి బావిలో పారేసి, "తలుపు మూశానక్కా" అంటే ఏమనాలి?

ఇంకా ఉంది. గ్యాలరీలో రికార్డింగ్ చెరిపాడు. కత్తిరించిన కాపీ వేరే ఫైలు, అది గుర్తు లేదు. చెరిపినదైనా పోయిందా? Trash లోకి వెళ్లి కూర్చుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన వీడియో అయితే అక్కడ 60 రోజులు, కాకపోతే 30 రోజులు. ఐఫోన్‌లో Recently Deleted అనే అర కనీసం 30 రోజులు కాపాడుతుంది. 24 గంటల వీడియోకు రెండు నెలల సత్రం! వేళ్లు దురద పెట్టినప్పుడు Restore నొక్కితే చాలు, లేచి కూర్చుంటుంది. ఫైల్ మేనేజర్‌లో చెరిపినవాళ్ల సంగతి ఇంకా విడ్డూరం. ఫోన్‌లో పోతుంది, బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆన్‌లైన్ కాపీ హాయిగా ఉంటుంది.

మరి కంపెనీల మాటేమిటి? ఒకసారే చూసే ఫొటోలకు వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఆపింది. ఆండ్రాయిడ్‌లో ప్రొఫైల్ ఫొటోకూ ఆపింది. అంటే ఎలా ఆపాలో తెలుసు. స్టేటస్ దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుంది. ఇన్‌స్టాగ్రామ్ 2018లో ఒక ముచ్చట పడింది. మీ స్టోరీని ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే మీకు చెప్పి చూద్దామని. కొందరి మీద పరీక్షించి, మానేసింది. స్టేటస్‌లు దాచిపెట్టే యాప్‌లైతే యాప్ స్టోర్‌లోనే కుప్పలు. ముందు గుమ్మంలో "మాయమవుతుంది" అని బోర్డు, పెరటి గుమ్మంలో బస్తాలకెత్తే కూలీలు!

చట్టం ఉంది కదా అంటారా? ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉంది. అయితే వ్యక్తిగత, ఇంటి అవసరాల కోసం మనిషి చేసే పనులకు అది వర్తించదని అందులోనే రాసుకున్నారు. కుటుంబ గ్రూపులో తమ్ముడు చేసే ఘనకార్యం ఇంటి పనే అంటే మీరేమంటారు? నగ్నత్వం, బ్లాక్‌మెయిల్ ఉంటే వేరే సెక్షన్లు ఉన్నాయి. బిర్యానీ ముందు రెండు స్టెప్పులకు ఏ సెక్షన్? అందుకే ఇక్కడ మిగిలింది మర్యాద ఒక్కటే. దానికే మనకు కరువు.

ఆ మర్యాదకూ ఒక వరుస ఉంది. చెరపడం మీ గ్యాలరీ నుంచి మొదలుపెట్టకూడదు. దూరం పోయినదాన్ని ముందు వెనక్కి పిలవాలి. ఎవరెవరికి పంపారో ఆ చాట్‌లన్నీ తెరిచి, అందరి దగ్గరా తీసేయాలి. ఐఫోన్ వాళ్ల ఫొటోల్లో దాచుకున్నది అప్పుడూ పోకపోవచ్చని వాట్సాపే చెబుతుంది. వాళ్లను విడిగా అడగాలి. గ్రూపులో ఒక్క వాక్యం రాయాలి. "అడక్కుండా పంపాను, మీ దగ్గరున్నదీ తీసేయండి" అని. ఏ వీడియో అని అడిగినవాడికి మళ్లీ ఆ వీడియో పంపి చూపించొద్దు మహాప్రభో! ఆ తర్వాత గ్యాలరీ, కత్తిరించిన కాపీ, బ్యాకప్. చివర్లో Trash ఖాళీ.

అప్పుడు ఆమెతో ఏం చెప్పాలి? "పోయింది" అని కాదు. నేను ఫలానా వాళ్లకు పంపాను, ఇంతమంది దగ్గర తీయించాను, ఫలానా ఇద్దరి దగ్గర ఉందో లేదో తెలియదు అని. నిజం చెప్పడానికి నోరు రాదు గానీ, "అందులో ఏముందక్కా, ఎందుకంత గొడవ" అనడానికి ఎంత వస్తుందో! తీసెయ్ అన్నవాళ్లు కారణం చెప్పుకోవాలా? దొంగకు ఇంటివాళ్లు సంజాయిషీ ఇవ్వాలా?

ఒక్క చోట మాత్రం చెరపకండి. స్టేటస్‌లో ఎవరైనా మిమ్మల్ని బెదిరించినా, మీ ఫొటోతో ఆడుకున్నా ఆ కాపీ సాక్ష్యం. దాచి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గ్రూపుల్లో తిప్పకండి, పోలీసులకివ్వండి.

మిగతాదంతా దోచిన సొమ్మే. ఆ అమ్మాయి ఒక్క రోజుకు, తాను ఎంచుకున్న మనుషులకు చూపించింది. రెండో రోజు నుంచి మీరు చూస్తున్నది ఆమె ఇచ్చింది కాదు. ఇవాళ రాత్రి మీ ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్‌ల ఫోల్డర్ తెరవండి, తర్వాత Trash తెరవండి. ఎవరింటి పిల్ల అందులో ఇంకా డాన్స్ చేస్తోందో చూడండి. ఒట్టు తర్వాత వేద్దురుగాని.