కాగితానికి అంచుండేది

మా రోజుల్లో బేరం కాగితమే తేల్చేసేది. విజయవాడలో ప్రెస్సాయన కబురు పెట్టేవాడు: "మాస్టారూ, బట్టల షాపు ఓపెనింగు, చిన్న కరపత్రం, సాయంత్రానికి కావాలి." ఆ సైజులో ఎన్ని లైన్లు పడతాయో ఆయనకీ నాకూ తెలుసు. షాపువాడు ఇంకో పది లైన్లు చేర్చమంటే "ఎక్కడ వేయమంటారు, వెనకవైపా?" అనేవాడు. వెనకవైపంటే మళ్లీ అచ్చుకూలి. పది లైన్లూ మాయమయ్యేవి.

వెబ్‌సైటుకి అంచేది? ఇప్పుడు ఫోనెత్తగానే "సార్, సింపుల్‌గా కంటెంట్ కావాలి, పర్ వర్డ్ ఎంత?" ఎవరు చదవాలి, ఎన్ని పేజీలు అంటే, "అవన్నీ తర్వాత, ముందు రేటు చెప్పండి."

తెలుగుకి మాటల లెక్కేమిటి నాయనా! "రాలేనన్నాడు" ఒక్క మాట. అదే ఇంగ్లీషులో ఆరేడు మాటలు. ఇంగ్లీషు చూసి తెలుగు చేసే పనైతే ఇంగ్లీషు మాటలే లెక్కపెట్టమంటాను, లేకపోతే మన సంధులే మన కూలి కోస్తాయి. పైగా పేజీ చిక్కగా రాసినవాడికి తక్కువ, సాగదీసినవాడికి ఎక్కువ.

సరే, వ్యాసానికింత అందామా? అదీ చూశాను. ఒక పచ్చళ్ల వ్యాపారికి పది పేజీలు, పేజీ 1,200 చొప్పున 12,000కి ఒప్పుకున్నాను. ఇరవై గంటల పని అనుకున్నా. మొదటి పేజీ అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం రాయించాడు. ఆనక హోల్‌సేల్ డీలర్లకు నచ్చేట్టు మార్చమన్నాడు. తర్వాత వాళ్లబ్బాయికి నచ్చలేదట. అరవై గంటలైంది. గంటకు 600 అనుకున్నది 200కి దిగింది. తప్పు రేటుది కాదు. చదివేదెవరో తేలకుండానే మొత్తం చెప్పేశాను చూడండి, అక్కడుంది.

అందుకని ఇప్పుడు ఆ తేల్చే పనికే విడిగా 2,500 తీసుకుంటున్నా. రెండు గంటలు కూర్చుని ఒక కాగితం రాస్తాను: ఎవరు చదవాలి, ఏయే పేజీలు, సరేననేది ఎవరు. దాంతోపాటు నమూనాగా ఒక పేజీ. అది చూశాకే ప్రాజెక్టుకి మొత్తం చెబుతాను, సగం ముందు. దిద్దుబాట్లు రెండుసార్లు. చదివేవాళ్లు మారితే మాత్రం అది దిద్దుబాటు కాదు, కొత్త పేజీ, కొత్త డబ్బు. "సరేననేది ఎవరండీ?" అన్నప్పుడు "ఇంట్లో అందరం చూస్తాం" అంటే, అంకె నోట్లోంచి రాకముందే పెంచేస్తా.

నిన్న ఒకాయన "రాయకముందే రెండున్నర వేలా?" అని విసుక్కున్నాడు. ఆ మాట అనడానికి ముందు తన వ్యాపారం గురించి నలభై నిమిషాలు చెప్పాడు. డీలర్ల కోసమో, ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసమో ఆ నలభై నిమిషాల్లో రెండుసార్లు మార్చాడు.