రోజుకి నలభై రూపాయల మావయ్య

మా మావయ్యకి ఏదైనా కొనడంలో పెద్ద సరదా లేదు. సగంలో మానేసి మిగతా డబ్బు వెనక్కి అడగడంలోనే ఉంది అసలు ఆనందం. పేపరు, కేబులు, యోగా క్లాసు... ఇలాంటి మావయ్య మీకూ ఒకరుంటారు.

మొన్న జూలైలో కారు అమ్మేశాడు. ఏప్రిల్ 1న కట్టిన ఓన్ డ్యామేజీ పాలసీ ప్రీమియం, పన్ను కాకుండా, 14,600 రూపాయలు. అంటే రోజుకి నలభై. వాడుకున్నది 120 రోజులు, మిగిలింది 245 రోజులు, రావలసింది 9,800. ఈ లెక్క మాకందరికీ కంఠతా వచ్చేసింది. అత్తయ్య నిద్రలో కూడా చెప్పగలదు.

రద్దు ఉత్తరం మూడు పేజీలు రాశాడు. మోకాళ్ల నొప్పులు, పెట్రోలు ధర, కొడుకు అమెరికా, అన్నీ ఉన్నాయందులో. "కారణం చెప్పక్కర్లేదు మావయ్యా, 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్‌లోనే ఆ మాట ఉంది" అన్నాను. "అడక్కపోయినా చెప్పడం మర్యాదరా" అన్నాడు.

కౌంటర్లో కుర్రాడు పాత అలవాటు కొద్దీ షార్ట్ పీరియడ్ పట్టిక తీశాడు. దాని ప్రకారం నాలుగు నెలల వాడకానికి సగం ప్రీమియం కంపెనీదే. మావయ్య చేతిసంచీలోంచి సర్క్యులర్ ప్రింటు తీసి, ఎర్రసిరా గీత మీద వేలుపెట్టి చదివించాడు: ఏడాది లోపు పాలసీ, క్లెయిమ్ ఏదీ లేకపోతే, మిగిలిన కాలానికి దామాషాగా ప్రీమియం తిరిగివ్వాలి.

క్లెయిమ్ లేదు. మే నెలలో బంపర్ సొట్టపడితే ఇంటిల్లిపాదీ క్లెయిమ్ పెట్టమని పోరాం. వినకుండా సొంత డబ్బుతో బాగుచేయించాడు. అప్పుడు పిసినారి అన్నాను. అప్పటికే కారు అమ్మే ఆలోచన ఉందని ఎవరికి తెలుసు? పైగా రాబోయే కారుకి పనికొస్తుందని నో క్లెయిమ్ బోనస్ ఉత్తరం కూడా అడిగి రాయించుకున్నాడు.

అక్కడితో లేచివుంటే బాగుండేది. కారు కొన్నప్పుడు కట్టిన మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ కూడా రద్దు చెయ్యమన్నాడు. కారు రోడ్డు మీద తిరుగుతున్నంత కాలం అది చట్టరీత్యా ఉండి తీరాలని, బండికి ఇంకో పాలసీ ఉందనో, రిజిస్ట్రేషనే పోయిందనో రుజువుంటేనే రద్దవుతుందని, అమ్మితే కొన్నవాడికి వెళ్తుందని కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. "నా డబ్బుతో వాడు తిరుగుతాడా?" అని మావయ్య గొంతు పెంచాడు. కొన్నవాడితో బేరంలోనే ఆ సొమ్ము కలుపుకోవాల్సిందని నేనన్నాను. ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

రిఫండు బ్యాంకులో పడింది. 9,760. ఉత్తరం 29న ఇచ్చినా ముద్ర 30న పడిందట. రేపు పొద్దున్నే స్కూటర్ తీసుకుని రమ్మన్నాడు. పెట్రోలు నాది.