ఆ కలలో పేలుడు ఉండకూడదు

నా పాత్రకున్న భయమేమిటో వెతకకుండా, ఊరి భయాన్ని తెచ్చి వాడి కలలో పెట్టాను. నేను చేసిన తెలివితక్కువ పని అది. కథ ఒక వారపత్రికలో అచ్చయ్యాక గానీ నాకు తెలియలేదు.

కథలో కుర్రాడిది నల్గొండ పక్కన పల్లె. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతుంటాడు. వాడి కోచింగ్ కోసం ఇంట్లో అర ఎకరం అమ్మారు. ఒక సాయంత్రం బస్టాపులో నిలబడి ఉంటే బాంబు పేలుతుంది. రక్తం, పొగ, పరుగులు. పేజీన్నర అయ్యాక "ఉలిక్కిపడి లేచాడు" అని రాశాను. పాఠకుణ్ణి పట్టి కుదిపేశాననుకున్నాను.

చైతన్యపురి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. కల ఎక్కడ మొదలైందో తెలియక పేజీలు వెనక్కి తిప్పి చూశారట. ఆ తర్వాత, "ఆ సాయంత్రం మా ఇంటాయన ఆ బస్టాపులోనే ఉన్నారండీ. మీరు దాన్ని కల అని తీసేశారు" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు కట్టిన రెండు బాంబులు పేలాయి. ఈ ప్రాంతం వాళ్ళకు అది జరిగిన సంగతి. నా కుర్రాడు అప్పటికి ఊళ్ళో బడికి వెళ్ళే పిల్లవాడు. వాడి గుండెల్లో ఆ పేలుడు ఎక్కడుంది? అందుకే కల నుంచి లేచాక వాడిలో ఏమీ మారలేదు. మొహం కడుక్కుని టిఫిన్‌కు పోయాడు. కలను మొత్తం కొట్టేసినా కథకు లోటు రాదు. అది పనికిరాని కల అనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు.

అప్పుడు దోస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' తీసి మళ్ళీ చదివాను. రస్కోల్నికోవ్ కలలో తాగుబోతులు బక్క గుర్రాన్ని కొట్టి చంపుతారు. అది కల అని రచయిత ముందే చెప్పేస్తాడు. కలలో వాడు తండ్రి పక్కన నడిచే ఏడేళ్ళ పిల్లవాడు కనుక మధ్యలోనూ తికమక ఉండదు. అయినా ఒళ్ళు జలదరిస్తుంది. లేచీ లేవగానే, నేను నిజంగా గొడ్డలి పట్టుకుంటానా అని వాడు తనను తాను అడుగుతాడు. గుర్రం చావు మెలకువలోకి ఆ ప్రశ్నగా వచ్చింది. కల అని ముందే తెలిస్తే భయం చస్తుందనుకున్న నా లెక్క ఎంత తప్పో అక్కడ తెలిసింది.

నా కుర్రాడి భయం పరీక్ష తప్పడం కూడా కాదు. అర ఎకరం తిన్నవాడికి ఆ ఇంట్లో ఇంకా చోటుందా అన్నది వాడి భయం. దాన్ని కలకు ముందే, మెలకువలోనే నాటాలి. వాళ్ళమ్మకు చదువు రాదు. ఫోన్లో పేరు చదవలేక ఎత్తగానే రోజూ "ఎవరు?" అంటుంది. "నేనే అమ్మా" అంటాడు. మొదటి పేజీలో ఆ మాట మామూలుగా వచ్చి పోతుంది.

కలను ఇలా తిరగరాశాను:

"ఆ రాత్రి కలలో వాడు మెట్రో ఎక్కి ఎల్బీనగర్ పోతున్నాడు. చైతన్యపురి దాటుతున్నది. విక్టోరియా మెమోరియల్ దాటుతున్నది. తర్వాతి స్టేషన్ అని వాళ్ళ ఊరి పేరు చెప్తున్నారు. దిగితే ఎదురుగా ఇల్లు. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వస్తున్నది. 'ఎవరు కావాలె సారూ?' అంటున్నది."

మొదటి వాక్యంలోనే కల అని చెప్పాను. మెలకువ కథంతా 'వెళ్ళాడు, తిన్నాడు' అని నడుస్తుంది. కల మాత్రం 'పోతున్నాడు, అంటున్నది' అని నడుస్తుంది. మెట్రో ఎల్బీనగర్‌లోనే ఆగిపోతుందని ఇక్కడ అందరికీ తెలుసు, కాబట్టి మొదటి వాక్యం గమనించనివాళ్ళకు కూడా వాళ్ళ ఊరి స్టేషన్ రాగానే అది కల అని తెలుస్తుంది. తప్పుడు వివరం ఆ ఒక్కటే. అలాంటివి నాలుగైదు పెడితే పాఠకుడి కళ్ళు వింతల మీదికి పోతాయి, అమ్మ వెనక్కి పోతుంది. 'ఏందిరా' అని పిలిచే తల్లి 'సారూ' అనడం కంటే వాడికి పెద్ద పేలుడు లేదు. అందుకే కలను ఆ ప్రశ్న దగ్గరే ఆపేశాను.

తెల్లారి వాడు ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మ ఎత్తి, రోజూలాగే "ఎవరు?" అంది. వాడికి వెంటనే నోరు పెగలలేదు. కల నుంచి మెలకువలోకి వచ్చింది ఆ ఆలస్యం ఒక్కటే.

అచ్చయిన కథను మార్చలేను. సంపుటి వేసేటప్పుడు అందులో ఉండేది ఈ కొత్త పాఠమే. ఫోన్ చేసిన ఆవిడకు అది ముందుగా చదివి వినిపించాను.